మకుటం ఎవరి వైపు చూస్తుంది?
(శతక పద్యం రాద్దామనుకునే వాళ్లకు ఒక పాఠం, ఫలక్‌నుమా సాక్షిగా)

నీతి పద్యం రాయమంటే మనలో చాలామంది మొదటి మూడు పాదాలు జాగ్రత్తగానే రాస్తారు. నాలుగో పాదంలో మకుటం రాగానే పద్యం మైకు పట్టుకుంటుంది. అప్పటిదాకా స్నేహితుడిలా మాట్లాడినవాడు ఉన్నట్టుండి అసెంబ్లీ గ్రౌండులో హెడ్‌మాస్టరు అయిపోతాడు. తప్పు నీతిలో ఉందనుకుని కొందరు నీతినే వదిలేస్తారు. నా లెక్కలో తప్పు అక్కడ లేదు. మకుటం ఎవరిని పిలుస్తోంది, పిలిచి ఏ క్రియ వాడుతోంది అన్న దగ్గర ఉంది.

పాత శతకాలనే ఈ కంటితో చూడండి. సుమతీ శతకం, కుమార శతకం, కుమారీ శతకం: వీటిలో కవి తనకన్నా చిన్నవాళ్లను పిలుస్తాడు. మాట పైనుంచి కిందికి దిగుతుంది. పిల్లలకు నేర్పడానికి రాసినవి కాబట్టి అది వాటికి తగిన దిశే. ధూర్జటి కాళహస్తీశ్వర శతకంలో దిశ తిరగబడింది. రాజులను అంత ఘాటుగా తిట్టిన శతకాలు తెలుగులో తక్కువ, అయినా అది ఉపన్యాసంలా వినిపించదు. ఎందుకంటే కవి మాట్లాడుతున్నది మనతో కాదు, శివుడితో. మనం పక్కన నిలబడి వింటున్నాం, అంతే. అది మొర కాబట్టి వింటాం. ధర్మపురి శేషప్ప నరసింహ శతకంలోనూ ఇదే పద్ధతి. ఇక వేమన సంగతి వేరు. ఆయన మకుటంలో మిగతా మాటలకు అర్థం ఏమిటన్న దాని మీద పండితుల వాదాలు ఉన్నాయి గానీ, చివర పిలుపు మాత్రం వేమనకే. చెప్పేవాడే వినేవాడు. లోకాన్ని అన్నేసి మాటలన్నా లోకం ఆయన్ని నెత్తిన పెట్టుకోవడానికి ఇదీ ఒక కారణమే అనిపిస్తుంది. మన కాలానికి దగ్గరగా వస్తే శ్రీశ్రీ ‘సిరిసిరిమువ్వ’ అని పిలిచి కందాలు రాశాడు. ఆ పిలుపులోనే ఆట ఉంది, ఇక పెద్దరికం ఎక్కడ కూర్చుంటుంది? నార్ల వెంకటేశ్వరరావు తన పేరునే మకుటంలో పెట్టుకున్నాడు.

సరే, ఇవాళ ఫలక్‌నుమాలో ఉన్నవాడు శతకం మొదలుపెడితే ఎవరిని పిలవాలి?

ముందు ఛందస్సు సంగతి కొంచెం. మనం ఆటవెలది తీసుకుందాం. ఇందులో రెండు, నాలుగు పాదాలకు ఐదేసి సూర్యగణాలు. సూర్యగణం అంటే రెండే రకాలు: మూడు లఘువులు, లేదా గురువు తర్వాత లఘువు. ఏదైనా మూడు మాత్రలే. ఒకటి, మూడు పాదాలకు మూడు సూర్యగణాలు, ఆ పైన రెండు ఇంద్రగణాలు. ఇంద్రగణానికి నాలుగో ఐదో మాత్రలు. ప్రతి పాదంలో మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి కలవాలి. ప్రాస బెడద లేదు. లెక్క కడితే మకుటం పోగా మన చేతిలో మిగిలేది యాభై మాత్రల చిల్లర. ఆ యాభైలో చెప్పాల్సిందంతా చెప్పాలి. మకుటం పద్యంలో పావు వంతు తినేస్తుంది కాబట్టి అది ఊరికే కూర్చోకూడదు, పని చేయాలి.

ఎవరికైనా మొదట తట్టేది ‘ఫలక్‌నుమా’ అనే పేరే. కానీ అది సూర్యగణాలకు లొంగదు. ‘ఫ’ లఘువు. ‘ల’ తర్వాత ‘క్ను’ సంయుక్తం వస్తుంది కాబట్టి ‘ల’ గురువు. ‘ను’ లఘువు, ‘మా’ గురువు. లఘువు తర్వాత గురువుతో సూర్యగణం మొదలుకాదు. ముందు ‘ఓ’ చేర్చి ‘ఓ ఫ – లక్ను – మా’ అని విడగొట్టినా చివర ‘మా’ పక్కన ఒక లఘువు తక్కువ పడుతుంది. పేరు సాగదీసి, వంకర తిప్పి ఇరికించవచ్చు. ఇరికించిన పేరు వందసార్లు వినాల్సి వస్తుందని గుర్తుంటే ఆ పని చేయరు.

పేరు పోతే పోయింది. స్టేషన్ దగ్గర నిలబడి తలెత్తితే కనిపించేదేమిటి? కొండ మీద మేడ. ‘కొండ – మీది – మేడ’: మూడూ గురువు తర్వాత లఘువే, మూడు సూర్యగణాలు వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి. మకుటానికి ఇవి చివరి మూడు గణాలైతే నాలుగో గణం ‘మీది’. అంటే పాదం ‘మీ’తో గానీ, దానికి యతి కలిసే ‘మి, మె, మే’లతో గానీ మొదలవ్వాలి. ‘మెరయుచుండు కొండమీది మేడ’ అనవచ్చు. బాగానే మోగుతుంది గానీ అది టూరిజం బోర్డు మాట. మేడను పొగడటం తప్ప అందులో పనేమీ లేదు. ఇదిగో ఇంకొకటి:

మీకు తెలుసు కొండమీది మేడ

మేడను ‘మీరు’ అనడమేమిటని అడగవచ్చు. అది నవాబుల మేడ. పాతబస్తీలో ‘ఆప్’ అనకుండా మాట మొదలుకాదు. ఆ మర్యాదలో కాస్త చిలిపితనం కూడా ఉంది, ఉండనివ్వండి. అసలు విషయం క్రియలో ఉంది. ‘విను’ అంటే వినేవాడికి తెలియదని అర్థం. ‘తెలుసు’ అంటే మీకు తెలిసిందే, నేను గుర్తు చేస్తున్నానంతే అని అర్థం. తెలిసినవాడికి నీతి చెప్పలేం. ఆ వాక్య నిర్మాణమే చెప్పనివ్వదు. (‘తెలుసు’ గ్రాంథికానికి ఒప్పదని, ‘తెలియు’ అనాలని ఎవరైనా అంటే అనవచ్చు. ఆ మాటతో మేడ మ్యూజియంలోకి పోతుంది.)

ఇక పద్యం. ఫలక్‌నుమాలో బయలుదేరే ఎంఎంటీఎస్ బండిలో ఖాళీ సీటు మీద రుమాలు విసిరి ఆపుకోవడం మనకు తెలిసిన దృశ్యమే. మూట పట్టుకున్న పెద్దావిడ నిలబడే ఉంటుంది. దీని మీద మామూలుగా వచ్చే మొదటి రాత ఇలా ఉంటుంది:

పెద్దవారి కెపుడు పీట వేయగ వలె
గర్వమున్న వాడు కాడు మనిషి
మంచి నడత లేని మనుజుండు పశువగు
మీకు తెలుసు కొండమీది మేడ

గణాలు సరిపోయాయి. యతులు కూడా: పె–పీ, గ–కా, మం–మ. పద్యం మాత్రం చచ్చిపోయింది. రైలు లేదు, మూట లేదు, ఫలక్‌నుమా లేదు. మూడు పాదాలూ వేరే ఏ పద్యంలోనైనా ఇమిడిపోతాయి. ఇదొక మంచి పరీక్ష: మీ మూడో పాదాన్ని ఊడదీసి ఇంకో విషయం మీద రాసిన పద్యంలో పెట్టి చూడండి. అతికితే అది పాదం కాదు, గోడ మీద రాసిన సూక్తి. ‘వలె’, ‘రాదు’, ‘తగదు’, ‘కాడు మనిషి’ లాంటి మాటలు కనిపించిన చోటల్లా ఈ అనుమానం పెట్టుకోవాలి.

రెండో రాతలో దృశ్యం వస్తుంది. మూడో పాదం ఇలా మారిందనుకుందాం:

సిగ్గు లేని కుర్ర సెల్లులో మునిగెను

ఇది చాలా నయం. కుర్రాడు కనిపిస్తున్నాడు, ఫోను కనిపిస్తోంది. కానీ ‘సిగ్గు లేని’ అన్న ఆరు మాత్రల్లో ఉపన్యాసం దాక్కుని ఉంది. క్రియ నుంచి తరిమేస్తే విశేషణంలోకి దూరింది. ఇంకో చిక్కు కూడా ఉంది. చదివేవాడు వెంటనే ‘ఆ కుర్రాడు నేను కాదు’ అని తప్పించుకుంటాడు. తిట్టు ఎప్పుడూ పక్కవాడికే తగులుతుంది. అందుకే కుర్రాడిని కూడా తీసేద్దాం. సీట్లో నిజంగా ఉన్నదెవరు? రుమాలు. ఆ రుమాలుకు యజమాని ఎవరైనా కావచ్చు.

గాలి కంటె ముందు కర్చీఫు సీటెక్కె
మూటతోటి తల్లి మూల నిలిచె
బరువు లేని గుడ్డ పదిలంగ కూర్చుండె
మీకు తెలుసు కొండమీది మేడ

ఇప్పుడు మంచి, చెడు అన్న మాట ఒక్కటి కూడా లేదు. ‘నిలిచె’, ‘కూర్చుండె’ అని రెండు క్రియలు ఎదురెదురుగా ఉన్నాయి, తీర్పు వాటి మధ్య ఉంది. ‘మూట’ పక్కనే ‘బరువు లేని’ రావడం వల్ల రెండో పాదంలో ఎంత బరువు ఉందో మూడో పాదంలో తెలుస్తుంది. రెండో పాదంలో ‘అవ్వ’ అంటే ఇంకా బాగుండేది. పాత పద్ధతిలో సంధి చేస్తే ‘మూటతోడ నవ్వ’ అవుతుంది, చదివేవాడికి అక్కడెవరో నవ్వినట్టు వినిపిస్తుంది. అందుకని ‘తల్లి’.

మకుటం పని ఇక్కడ చూడండి. ఈ మేడలో ఒకేసారి 101 మంది కూర్చుని తినే భోజనబల్ల ఉంది. కుర్చీ ఎవరి కోసం ఖాళీగా ఉంచుతారో, ఎవరు నిలబడతారో దానికన్నా బాగా ఎవరికి తెలుసు? ఆ మాట పద్యంలో లేదు. ‘మీకు తెలుసు’ అనగానే తెలిసినవాడి మనసులో అది కదులుతుంది. తెలియనివాడికీ పద్యం కుంటదు. మకుటంలో పిలిచేవాడికి ఆ విషయంలో సొంత అనుభవం ఉంటే నాలుగో పాదం ప్రతిసారీ కొత్తగా మోగుతుంది.

నమ్మకం కుదరకపోతే అవే మూడు పాదాల కింద ఈ మకుటం పెట్టి గట్టిగా చదవండి:

మంచి మాట వినుము మనుజ వర్య

గణాలకు ఢోకా లేదు. రుమాలు అదే, మూట అదే. అయినా ‘వినుము’ అనగానే పై మూడు పాదాలు ఉదాహరణ అయిపోతాయి, ఏదో నీతికి ఉదాహరణ. చూసిన దృశ్యం పాఠ్యపుస్తకంలో బొమ్మ అయిపోతుంది. పద్యం చివరి పదిహేను మాత్రలు మొదటి యాభైకి వెనక్కి వెళ్లి అర్థం మార్చేస్తాయన్నమాట.

మేడకు తెలిసిన సంగతి ఇంకొకటి అప్పు. పైగా వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా 1884లో ఈ మేడ కట్టడం మొదలుపెట్టాడు. కట్టించి ఆర్థికంగా చితికిపోయాడని, చివరికి అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వెళ్లిందని చెబుతారు. ఆ నిజాం 1911లో కన్నుమూసింది కూడా ఈ మేడలోనే. ఇంత చరిత్రను పద్యంలో పెట్టక్కర్లేదు, పెడితే పద్యం గైడు అవుతుంది. కింద గల్లీలో జరిగేది చెబితే చాలు:

పెళ్ళి పందిరేమొ బిల్డింగులంతెత్తు
పూలు వాడిపోయె పోలె బాకి
నాన్న ఆటొ లైటు నడిరాత్రి వెలిగింది
మీకు తెలుసు కొండమీది మేడ

రెండో పాదంలో ‘పోయె’, ‘పోలె’ పక్కపక్కనే పడ్డాయి. ‘పోలేదు’ని మనం ‘పోలె’ అంటాం కాబట్టి దొరికిన వరం ఇది. పుస్తక భాషలో రాస్తే ఈ రెండు మాటలు ఇంత దగ్గరకు రావు. మూడో పాదంలో ‘నాన్న ఆటొ’ దగ్గర సంధి చేయలేదు, చేస్తే నాన్న గుర్తుపట్టరానివాడు అవుతాడు. ఇక్కడ జాగ్రత్తగా వదిలేసినది ఒకటుంది: ‘అప్పు చేసి పెళ్లి చేయకండి’ అన్న ముక్క. ఆ ముక్క ఆ నాన్నకు చెప్పడానికి మనమెవరం? లైటు వెలిగిందని మాత్రం చెప్పగలం.

ఈ మకుటంతో ఒక ప్రమాదం ఉంది. వరుసగా ఇలాంటివే పది రాస్తే ‘మీకు తెలుసు’ వెక్కిరింత అయిపోతుంది. పద్యం తెరవకముందే చివర ఎత్తిపొడుపు ఉంటుందని తెలిసిపోతుంది. 2010 నుంచి ఆ మేడ ఖరీదైన హోటలు కాబట్టి ఉన్నవాళ్లను దెప్పడం మరీ సులువు. ఉన్నవాళ్లను తిట్టే ఉపన్యాసం కూడా ఉపన్యాసమే. వెక్కిరింత ముదిరిందని ఎలా తెలుస్తుంది? పైకి చదివేటప్పుడు మకుటం దగ్గర మీ గొంతు ప్రతిసారీ ఒకే చోట లేస్తుంటే ముదిరినట్టే. దానికి మందు మకుటం మార్చడం కాదు, పైన పెట్టే దృశ్యం మార్చడం. మంచిని చూసిన పద్యం ఒకటి మధ్యలో పడాలి.

చార్మినారు బస్సు జామయ్యి నిలిచింది
పొద్దు గుంక తాత పొట్ల మిప్పె
పేరు అడుగలేదు పిడికిట్లొ పండుంచె
మీకు తెలుసు కొండమీది మేడ

రంజాన్ అన్న మాట లేదు, ఉపవాసం అన్న మాట లేదు, ఖర్జూరం పేరు కూడా లేదు. పొద్దు గుంకగానే పొట్లం ఎందుకు విప్పాడో ఇక్కడి వాళ్లకు చెప్పక్కర్లేదు. మొదట ఈ పద్యం మూడో పాదంలో మతసామరస్యం గురించి ఒక మాట అనాలని ఎవరికైనా చేయి దురద పెడుతుంది. ‘పేరు అడుగలేదు’ అన్న తొమ్మిది మాత్రల్లో అది అయిపోయింది. ఇందులో మకుటం గొంతు కిందికి దిగుతుంది. ఎత్తిపొడుపు కాదు, ఇద్దరు పాత పరిచయస్థులు తల ఊపుకున్నట్టు. ముందు పద్యాల్లో ఉన్న అదే పదిహేను మాత్రలు, ఒక్క అక్షరం మారలేదు. శతకంలో మకుటం విసుగు పుట్టకుండా ఉండేది ఇలాగే.

కొన్ని విషయాలు ఈ మకుటం కిందికి రావు. ఉదాహరణకు ల్యాబు రికార్డులు కాపీ కొట్టడం. మనకు దానికంటే దగ్గర నీతి విషయం లేదు. కానీ కొండమీది మేడకు రికార్డుల సంగతి తెలియదు. కింద ‘మీకు తెలుసు’ పెడితే అబద్ధం అవుతుంది, మకుటం ఉత్త తోకగా వేలాడుతుంది. అలాంటి పద్యాన్ని లాక్కొచ్చి ఇందులో కలపకూడదు. దానికి వేరే వినేవాడు కావాలి, రికార్డుల సంగతి నిజంగా తెలిసినవాడు, పాపంలో భాగం ఉన్నవాడు. కాలేజీ గేటు ముందు అలాంటిది ఒకటి రోజంతా పచ్చగా వెలుగుతూ ఉంటుంది. ‘జిరాక్సు’ కూడా ఫలక్‌నుమా లాగే లఘువు తర్వాత గురువుతో మొదలవుతుంది. అయితే చివర లఘువు ఉంది కాబట్టి ముందు ‘ఓ’ చేర్చితే ‘ఓ జి – రాక్సు’ అని రెండు సూర్యగణాలు నిండుగా వస్తాయి. నాలుగో గణం ‘ఓ’తో మొదలైతే పాదం ‘ఉ, ఊ, ఒ, ఓ’లలో ఒకదానితో మొదలుకావచ్చు.

ఊరకుందువేల ఓ జిరాక్సు

పై మూడు పాదాలు హాస్టల్లో ఉన్నవాళ్లు రాయాలి.